మిషన్ కాదు వదినా, చెయ్యి

పోయిన వానాకాలంలో ఒక శనివారం రాత్రి అన్న ఫోన్ చేసి, "ఆ బీపీ మిషన్ పాడైందిరా, రేపొచ్చి చూడు" అన్నాడు. సంగతేమిటంటే, వదిన మూడు వారాల కిందట కాళ్ళ నొప్పులకని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళింది. అక్కడ బీపీ 162 మీద 96 వచ్చింది. ఉన్న మాత్రకి తోడు ఇంకొకటి రాశారు. అప్పట్నుంచి పొద్దున పూజ ముగించి పీట మీంచి లేచేసరికి కళ్ళు తిరుగుతున్నాయి, తలుపు పట్టుకుని నిలబడుతోంది. ఇంట్లో మిషన్ పెడితే మాత్రం ఒకసారి 158, వెంటనే ఇంకోసారి 149, మళ్ళీ 154. మూడు సార్లు మూడు చెప్పింది కాబట్టి అన్న దృష్టిలో అది చెడిపోయింది. పక్క ఫ్లాట్ పెద్దాయన వచ్చి, "డిజిటల్‌వి అన్నీ అంతేనండీ, పాదరసం మిషన్ ఒక్కటే నిజం చెబుతుంది" అని తీర్పు కూడా ఇచ్చి వెళ్ళాడట.

ఇరవై రెండేళ్ళుగా ఆస్పత్రుల్లో మానిటర్లు, బీపీ మిషన్లు, సిరంజి పంపులు బాగుచేసే పని నాది. "రీడింగు తప్పొస్తోంది" అని నా బల్ల మీదికి వచ్చే బీపీ మిషన్లలో చాలావాటిని ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే తిప్పి పంపిస్తాను. గాలి లీకయ్యే గొట్టాలు, పిగిలిపోయిన పట్టీలు ఉంటాయి, కాదనను. కానీ తప్పు ఎక్కువగా మిషన్ బయట ఉంటుంది. ఈ మాట చెబితే నర్సమ్మలకీ కోపమొస్తుంది, పేషెంట్లకీ కోపమొస్తుంది.

ఆదివారం పొద్దున నా సంచీలో టీ ఆకారపు గొట్టం ముక్క, పరీక్ష చేసే గేజీ వేసుకుని వెళ్ళాను. పట్టీని గట్టి గాజు సీసాకి చుట్టి, గొట్టాన్ని రెండుగా చీల్చి ఒకవైపు మిషన్, ఇంకోవైపు గేజీ కలపాలి. మిషన్‌ని కేవలం ప్రెషర్ మాత్రమే చూపించే పరీక్ష స్థితిలో పెట్టి, బల్బుతో గాలి కొడుతూ 50, 100, 150, 200 దగ్గర రెండు అంకెలూ పోల్చి చూడాలి. మూడు పాయింట్ల తేడా వరకూ ఫరవాలేదు. వదిన మిషన్‌లో ఎక్కడా రెండు దాటలేదు.

"అయితే ఇంకేం, దీనికి నిజంగానే 158 ఉందన్నమాట" అన్నాడు అన్న.

కాదు. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే. మిషన్ కరెక్టుగా ఉండటం వేరు, అది చెప్పిన నంబరు వదిన బీపీ కావడం వేరు. సీసా పరీక్షలో తేలింది ఒక్కటే: పట్టీ లోపలి రబ్బరు సంచిలో ఉన్న గాలి ప్రెషర్‌ని అది సరిగ్గా కొలుస్తోంది. మిషన్ కొలవగలిగింది ఎప్పుడూ ఆ గాలినే. రక్తం దాకా దాని చెయ్యి వెళ్ళదు.

పాత పద్ధతిలో ఏం జరిగేదో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పట్టీలో రబ్బరు సంచి ఉంటుంది. బల్బు నొక్కి గాలి నింపితే అది భుజానికీ మోచేతికీ మధ్య కండని పిండి, లోపలి పెద్ద రక్తనాళాన్ని మూసేస్తుంది. తర్వాత మర కొద్దిగా వదిలి గాలిని మెల్లగా తీస్తారు. గుండె నెట్టిన అలలో అత్యధిక ప్రెషర్ సంచి ప్రెషర్‌ని ఏ క్షణాన మించుతుందో, ఆ క్షణాన కొంచెం రక్తం దూరి పోతుంది. మోచేతి మడత దగ్గర స్టెతస్కోపులో టక్ మని వినపడుతుంది. అది పై నంబరు. ఇంకా గాలి తీస్తూ పోతే నాళం ఇక మూతపడకుండా తెరుచుకునే ఉంటుంది, చప్పుడు ఆగిపోతుంది. అది కింద నంబరు. పట్టీని 1896లో ఇటలీలో రీవా రొచ్చి అనే డాక్టరు తయారుచేశాడు. ఆయనకి పై నంబరే తెలిసేది, అదీ మణికట్టు నాడి పట్టుకుని. చప్పుళ్ళ సంగతి 1905లో రష్యాలో కొరొట్కాఫ్ చెప్పాడు.

మన ఇళ్ళలో ఉన్న డిజిటల్ మిషన్‌కి స్టెతస్కోపు లేదు. అది సంచి కుదుపుల్ని చూస్తుంది. నాళం కొట్టుకున్న ప్రతిసారీ సంచిలోని గాలి చిన్నగా ఊగుతుంది. ప్రెషర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఊపు తక్కువ. గాలి తగ్గేకొద్దీ ఊపు పెరిగి, ఒక చోట శిఖరానికి చేరి, మళ్ళీ చల్లారుతుంది. ఆ శిఖరం దగ్గరున్న ప్రెషర్ రక్తనాళంలో సగటు ప్రెషర్‌కి దగ్గరగా ఉంటుంది. మరి పైదీ కిందిదీ? ఊపు పెరిగిన తీరునీ తగ్గిన తీరునీ చూసి, ఆ కంపెనీ తనకంటూ పెట్టుకున్న సూత్రంతో లెక్కగడుతుంది. తెర మీద కనపడే రెండు నంబర్లూ ఆ లెక్కలో తేలినవే.

కాబట్టి దానికి తెలిసినవి రెండే: సంచిలో ప్రెషర్ ఎంత, అది ఎంత ఊగుతోంది. ఆ చెయ్యి ఒళ్ళో ఉందో బల్ల మీద ఉందో దానికి తెలియదు. లావు చెయ్యో సన్నపు చెయ్యో తెలియదు. మనిషి ఆటోవాడితో గొడవపడి రెండంతస్తులు ఎక్కి వచ్చిందో, అరగంట నుంచీ కుదురుగా కూర్చుందో అంతకన్నా తెలియదు.

"క్లినిక్‌లో ఎలా చూశారు వదినా, గుర్తుందా?" అని అడిగాను.

"ఎలాగేముంది బాబూ, స్టూలు మీద కూచోబెట్టారు. ఒళ్ళో చెయ్యి పెట్టుకోమన్నారు. ఆ అమ్మాయి పట్టీ చుడుతూ ఏం తింటున్నారు, ఏ మాత్రలు వాడుతున్నారు అని అడిగింది, చెప్పాను."

సరే, అదే నాటకం మళ్ళీ ఆడదామన్నాను. అరగంట ఆగాం, అప్పుడే టీ తాగింది కాబట్టి. బాత్‌రూమ్‌కి వెళ్ళి రమ్మన్నాను. బ్లాడర్ నిండి ఉంటే బీపీ పెరుగుతుంది, ఎవరూ అడగరు. తర్వాత వంటింటి స్టూలు తెచ్చి, ఒళ్ళో చెయ్యి పెట్టించి, మిషన్‌తో వచ్చిన పట్టీయే చుట్టి, మనవరాలి స్కూలు గురించి అడుగుతూ మీట నొక్కాను. నిమిషం తేడాతో మూడుసార్లు. సగటు 159 మీద 94. క్లినిక్ నంబరుకి మూడు పాయింట్ల దూరంలో ఉన్నాం.

రెండోసారి అంతా అదే, మాట మాత్రం లేదు. అన్నని కూడా నోరుమూసుకోమన్నాను. 152 మీద 91.

మూడోసారి స్టూలు తీసేసి వెనక ఆనుకునే కుర్చీ వేశాం. పాదాలు రెండూ నేల మీద, కాలు మీద కాలు లేదు. చెయ్యి బల్ల మీద, కింద దిండు. 145 మీద 86. ఇక్కడ నేను ఒకేసారి రెండు మార్చేశాను, వీపూ చెయ్యీ. లెక్కప్రకారం ఒక్కొక్కటే మార్చాలి, కానీ వదిన ఓపిక కూడా చూడాలి కదా.

నాలుగోసారి పట్టీ మార్చాను. వదిన చెయ్యి చుట్టుకొలత టేపు పెట్టి చూస్తే 36 సెంటీమీటర్లు. పట్టీ మీద సన్నటి అక్షరాల్లో 22–32 అని ఉంది. నా సంచీలో ఉన్న 32–42 పట్టీ చుట్టాను. 137 మీద 82.

ఇక్కడ ఆపేస్తే మోసం చేసినట్టే. ఎందుకంటే మనిషి కూర్చునేకొద్దీ బీపీ దానంతటదే దిగుతుంది. నా నాలుగు మెట్లూ ఆ దిగుడే కావచ్చు. అందుకని ఐదోసారి మళ్ళీ మొదటికే వెళ్ళాం: స్టూలు, ఒళ్ళో చెయ్యి, చిన్న పట్టీ, మనవరాలి స్కూలు. 156 మీద 93. అంటే కూర్చోవడం వల్ల తగ్గింది మూడు పాయింట్లే. మిగతా పంతొమ్మిదీ మేం చేసిన తప్పులే. అదే మనిషి, అదే మిషన్, అదే గంట.

ఒళ్ళో చెయ్యి పెడితే ఎందుకు పెరగాలి? హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. టాంకు డాబా మీద ఒక్కటే. ఐదో అంతస్తులో షవర్ చినుకుల్లా రాలుతుంది, గ్రౌండ్ ఫ్లోర్‌లో కొళాయి తిప్పితే బకెట్లో నీళ్ళు ఎగిరి మొహాన పడతాయి. రక్తం కూడా అంతే. గుండె మట్టం కంటే చెయ్యి కిందకి దిగిన ప్రతి సెంటీమీటరుకీ ముప్పావు పాయింటు పైన కలుస్తుంది. పది సెంటీమీటర్లకి ఎనిమిది పాయింట్లు దాకా. పైకెత్తితే అంతే తగ్గుతుంది. వదిన పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి చూపించాను: రొమ్ము ఎముక మధ్యకి ఒక గీత, పట్టీ మధ్యకి ఒక గీత. ఒళ్ళో చెయ్యి పెట్టినప్పుడు రెండిటికీ మధ్య ఆరు సెంటీమీటర్లు వచ్చింది. ఆరుకి నాలుగున్నర పాయింట్లు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 2024లో అచ్చేసిన పరిశోధనలోనూ ఒళ్ళో చెయ్యి పెడితే పై నంబరు దాదాపు నాలుగు, పక్కకి వేలాడదీస్తే ఆరున్నర ఎక్కువ వచ్చింది.

పట్టీ సంగతి ఇంకా పాతది. రీవా రొచ్చి మొదటి పట్టీ నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పే ఉండేది. అది ఎక్కువ చూపిస్తోందని 1901లోనే రెక్లింగ్‌హౌజెన్ కనిపెట్టి వెడల్పు చేశాడు. కారణం ఇదీ. బొంతలో చుట్టిన నీళ్ళ పైపుని పైనుంచి నొక్కి మూయాలనుకోండి. అరచెయ్యంతా ఆనించి నొక్కితే కొద్ది బలం చాలు. ఒక్క వేలితో నొక్కితే ఆ బలం బొంతలోనే పక్కలకి పోతుంది, పైపు మూతపడాలంటే చాలా గట్టిగా నొక్కాలి. చిన్న సంచి లావు చేతి మీద ఆ వేలు లాంటిది. నాళం మూయడానికి ఎక్కువ గాలి కావాలి, ఆ ఎక్కువ గాలినే మిషన్ మన బీపీ అని రాస్తుంది. సంచి వెడల్పు చెయ్యి చుట్టుకొలతలో నలభై శాతం, పొడవు ఎనభై శాతం ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. హాప్కిన్స్ వాళ్ళదే 2023లో ఇంకో పరిశోధన ఉంది: అతిపెద్ద పట్టీ కావలసినవాళ్ళకి మామూలు పట్టీ చుడితే పై నంబరు సగటున 19.5 ఎక్కువ వచ్చింది. ఒక్క పట్టీ సైజుతో, ఏ జబ్బూ లేనివాడి మీద జీవితాంతం వాడే మాత్ర పడగల తేడా అది.

వదిన రవిక గురించి కూడా ఒక మాట. పల్చటి నూలు బట్ట మీద చుడితే వచ్చే తేడా కొంచెమే. కానీ మన ఆడవాళ్ళ రవిక చెయ్యి బిగుతు. దాన్ని పైకి మడిచి తోస్తే అక్కడ తాడు కట్టినట్టవుతుంది, లెక్క చెడుతుంది. మడవడం కంటే పల్చటి బట్ట మీద చుట్టడమే నయం. క్లినిక్‌లలో తెర కట్టిన చిన్న మూల ఉంటే ఈ గొడవే ఉండదు, కానీ ఆ మూలలో ఫ్రిజ్ పెట్టుకుంటారు.

ఇక పక్క ఫ్లాట్ పెద్దాయన పాదరసం. నేనూ ఆ గాజు గొట్టాన్ని గౌరవిస్తాను. నా గేజీని కూడా ఒకప్పుడు దానితోనే సరిచూసుకునేవాణ్ణి. కానీ పాదరసం కూడా సంచిలో గాలినే చూపిస్తుంది. ఒళ్ళో చెయ్యి తప్పు, చిన్న పట్టీ తప్పు దానికీ అంతే వర్తిస్తాయి. పైగా డిజిటల్‌లో లేని తప్పులు అక్కడ మనిషి చేతుల్లో ఉంటాయి. గాలిని సెకనుకి రెండు మూడు పాయింట్ల చొప్పున వదలాలి. బయట ముప్ఫై మంది కూర్చుని ఉన్నప్పుడు అంత ఓపిక ఎవరికి? మర తిప్పేస్తారు, పాదరసం సెకనుకి పది చొప్పున జారిపోతుంది. నాడి నిమిషానికి అరవై ఉందనుకోండి, అంటే సెకనుకి ఒక దెబ్బ. అసలు పై నంబరు 148. ఒక దెబ్బ పడేటప్పుడు పాదరసం 152 దగ్గరుంది, చప్పుడు లేదు. తర్వాతి దెబ్బకి 142కి వచ్చేసింది, అప్పుడు టక్ మంది. కాగితం మీద 142 పడుతుంది, నిజానికి సామాన్యంగా 140 అని గుండ్రంగా పడుతుంది. కింద నంబరుకి ఉల్టా: అసలు 88 అయితే చివరి చప్పుడు 92 దగ్గర విని అదే రాస్తారు. ఒకే తొందర పైదాన్ని తగ్గిస్తుంది, కిందదాన్ని పెంచుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. కొందరిలో, ముఖ్యంగా బీపీ ముదిరిన పెద్దవాళ్ళలో, పై నంబరు దగ్గర మొదలైన చప్పుళ్ళు మధ్యలో మాయమై, ఇంకా కిందకి వచ్చాక మళ్ళీ మొదలవుతాయి. 180 ఉన్న మనిషికి 160 వరకే గాలి కొట్టి, ఆ నిశ్శబ్దంలో దిగుతూ 140 దగ్గర మొదటి చప్పుడు విన్నామనుకోండి, "బానే ఉందమ్మా, 140" అని పంపించేస్తాం. అందుకే పాతకాలం డాక్టర్లు ముందు మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టేవాళ్ళు. నాడి ఎక్కడ ఆగిందో చూసుకుని, దాని పైన ముప్ఫై పాయింట్లు ఎక్కించి, అప్పుడు స్టెతస్కోపు పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ వేళ్ళు మణికట్టు మీద నాకు చాలా అరుదుగా కనిపిస్తాయి.

తక్కువ చూపించే తప్పుల్లో నాకు బాగా గుర్తున్నది ఒక ఆస్పత్రి వార్డులోది. రాత్రి పదకొండింటికి ఫోన్: "సార్, మానిటర్ తొంభై రెండు చూపిస్తోంది, పేషెంటేమో హాయిగా నిద్రపోతున్నాడు, మిషన్ మార్చండి." వెళ్ళి చూస్తే ఆయన ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. పట్టీ కుడి చేతికి ఉంది, ఆ చెయ్యి ఒంటి మీద, గుండె కంటే జానెడు ఎత్తున. జానెడంటే ఇరవై సెంటీమీటర్లు, పదిహేను పాయింట్లు. వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే 108. మిషన్ మార్చకుండానే వెనక్కి వచ్చాను. డ్యూటీ సిస్టర్ నాతో వారం మాట్లాడలేదు.

ఎక్కువ చూపిస్తే మిషన్‌ని తిడతాం, తక్కువ చూపిస్తే నమ్మేస్తాం. వార్డులో అయితే కనీసం భయపడతారు. ఇంట్లో 120 కనపడితే దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

వదినకి వారం పాటు పని పెట్టాను. పొద్దున మాత్ర వేసుకోకముందు రెండు, రాత్రి రెండు, ప్రతిసారీ ఐదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చున్నాక. పెద్ద పట్టీ, బల్ల, దిండు. నచ్చినా నచ్చకపోయినా వచ్చిన ప్రతి నంబరూ రాయాలి, బాగున్నవే ఏరి రాయకూడదు. మొదటిరోజు రెండు చేతులకీ చూశాం. కుడి చేతికి ఆరు పాయింట్లు ఎక్కువ ఉంది కాబట్టి తర్వాతివన్నీ కుడిచేతికే. పది దాటిన తేడా ఉంటే డాక్టరుకి చెప్పాల్సిన విషయం. మాత్రలు మాత్రం ఒక్కటి కూడా మానొద్దని గట్టిగా చెప్పాను, కళ్ళు తిరుగుతున్న సంగతి మర్నాడే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పించాను. కుర్చీలో కూర్చుంటే ఇంత తేడా వచ్చిందని చెప్పగానే అన్న రెండో మాత్ర అవతల పారేయబోయాడు మరి.

వారం సగటు 134 మీద 81 వచ్చింది, రెండు మాత్రల మీద. ఇంట్లో చూసుకునేవాళ్ళకి 135 మీద 85 దాటితే ఎక్కువని లెక్క. క్లినిక్‌లో అయితే 140 మీద 90. అంటే వదినకి బీపీ లేదని కాదు, కొత్త మాత్ర వేసుకోబట్టే అక్కడుందేమో కూడా. అది తేల్చాల్సింది డాక్టరు. ఆ కాగితం పట్టుకుని నేనూ వెళ్ళాను. ఆయన మంచివాడు, విసుక్కోలేదు. నిలబెట్టి కూడా బీపీ చూశారు, 112కి పడిపోయింది. కొత్త మాత్ర మోతాదు సగానికి తగ్గించి, రాత్రికి మార్చారు. పెద్ద పట్టీ ఉందా అని సిస్టర్ని అడిగితే ఆ అమ్మాయి సొరుగులో వెతికి తీసింది, కంపెనీ ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు.

నా పెద్ద పట్టీని వదిన ఇంట్లోనే వదిలేసి వచ్చాను. నెల తర్వాత అన్న ఫోను.

"నువ్వొచ్చి వెళ్ళాక మిషన్ బాగైందిరా. నాకు కూడా చూసుకుంటున్నా. 122! ఉప్పు కూడా తగ్గించలేదు."

"ఏ పట్టీతో చూసుకుంటున్నావ్?"

"అదే, నువ్విచ్చిందే. పాతది అటక మీద పడేశా."

ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అన్న చెయ్యి చుట్టుకొలత 25. అటక మీంచి పాత పట్టీ దింపించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడొద్దని చెప్పి చుట్టాను. 133. మళ్ళీ చూస్తే 131.

"మిషన్ మళ్ళీ పాడైంది" అన్నాడు అన్న. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది, నవ్వు వినపడకుండా.